టిక్కు పడని పని

నాకు సంతకం వచ్చు. బస్సు మీద బోర్డు కూడబలుక్కుని చదువుతాను. అంతకు మించి చదువు లేదు. ఇది నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు రాస్తోంది. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను.

నేను చేసేది మంచం పట్టినవాళ్ల పని. ఇళ్లకి వెళ్లి ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, గొట్టంలోంచి జావ పోయడం, వీపు మీద పుండ్లు కడగడం. మా ఆయనకి గొంతులో కేన్సరొచ్చి ఏడు నెలలు ముక్కులో గొట్టంతోనే బతికాడు. అప్పుడు ఆసుపత్రిలో నర్సమ్మ రెండుసార్లు చూపించింది, మూడోసారి నుంచి నేనే పోశాను. ఆయన పోయాక నా చేతుల్లో మిగిలింది ఆ విద్య ఒక్కటే. అమలాపురంలో మందుల షాపు మీద గదిలో ఒకావిడ ఇలాంటి పనికి ఆడవాళ్లని పంపుతుందని తెలిసి వెళ్లాను. ఆవిడ పాత నర్సు. మేమంతా మేడం గారనేవాళ్లం. మంచిదే ఆవిడ. ఈ కథలో చెడ్డవాళ్లు ఎవరూ లేరు, నాతో సహా. అదే నన్ను ఎక్కువ బాధ పెడుతుంది.

మేం ఎనిమిది మందిమి. అందులో అక్క ఒకతి. నా సొంత అక్క కాదు. నాకంటే పదేళ్లు పెద్దది, నాలాగే మొగుడు పోయినది, పిల్లలు లేరు. మామిడికుదురు దగ్గర చిన్న రేకుల ఇంట్లో ఒక్కతే ఉండేది. అక్కకి నడుము సరిగ్గా ఉండేది కాదు. బరువు ఎత్తితే రెండు రోజులు లేవలేకపోయేది. కానీ తిండి మానేసిన మనిషి చేత నాలుగు ముద్దలు తినిపించాలంటే మాలో అక్క తర్వాతే ఎవరైనా. ఎలా తినిపిస్తుందో నేను చాలాసార్లు చూశాను, నాకు అంతుపట్టలేదు. పక్కన కూర్చునేది, అంతే. గిన్నె ఒళ్లో పెట్టుకుని ఏవో ఊసులు చెప్పేది, ఒక్కోసారి అదీ చెప్పేది కాదు. కాసేపటికి ఆ మనిషి నోరు తెరిచేది.

మొదట్లో మాకు పని వంతుల వారీగా వచ్చేది. మేడం గారి దగ్గర ఒక నోటు పుస్తకం ఉండేది. అందులో మా ఎనిమిది పేర్లు వరసగా ఉండేవి. కొత్త ఇల్లు వస్తే వరసలో తర్వాతి పేరుకి ఇచ్చేవారు. ఎనిమిదో మనిషి అయ్యాక మళ్లీ మొదటి మనిషి. ఆ రోజు రాని మనిషిని దాటేసి పక్క మనిషికి ఇచ్చి, ఆవిడ వచ్చాక ముందు ఆవిడకే ఇచ్చేవారు. ఎవరి మీద ఎవరికీ కోపం ఉండేది కాదు. ఏ ఇల్లు పడిందో అది మన రాత. నా ముందు ఇద్దరున్నారంటే ఇంకా రెండిళ్లు వచ్చాక నాకని తెలిసేది. ఆ రెండిళ్లు ఎలాంటివో వింటూ, బరువైనవి వాళ్లకే పోవాలని లోపల అనుకునేదాన్ని. వాళ్లూ నా గురించి అలాగే అనుకుని ఉంటారు.

వంతులో ఉన్న తప్పల్లా ఒకటే. ఇల్లూ ఇల్లూ ఒకటి కాదు. ఒకావిడకి మోకాలు ఆపరేషను చేయించుకున్న టీచరు గారు పడేవారు, చెయ్యి పట్టుకుంటే చాలు, ఆయనే నడిచేవారు. అదే వంతులో ఇంకొకావిడకి పక్షవాతం వచ్చిన కొబ్బరి వ్యాపారి, ఏనుగులాంటి మనిషి. పుస్తకంలో ఇద్దరికీ చెరో ఇల్లు. 

దానికి మేం ఒక దారి పెట్టుకున్నాం. పొద్దున్నే బస్టాండు టీ కొట్టు దగ్గర కలుసుకుని ఇళ్లు మార్చుకునేవాళ్లం. అక్కకి పడిన బరువు ఇంటికి నేను వెళ్లేదాన్ని, నాకు పడిన తిండి తినని ముసలమ్మ దగ్గరకి అక్క వెళ్లేది. ఇళ్లవాళ్లకి ఎవరొచ్చినా ఒకటే. పుస్తకంలో మాత్రం పేర్లు మారేవి కావు. మేడం గారు పుస్తకం చూసుకుని అక్కని మెచ్చుకునేవారు, ఈ వయసులో అంత బరువు మనిషిని లేపుతున్నావే అని. అక్క నావైపు చూసి పమిట నోటికి అడ్డం పెట్టుకునేది. బయటికొచ్చాక, "ఏమే, నా పేరు మీద బాగా మోస్తన్నావు, ఇంకాస్త గట్టిగా మొయ్యి, నా మెళ్లో మెడల్ బిళ్ల వేసేలా ఉన్నారు" అనేది.

తర్వాత మా చేతికి ఫోన్లు వచ్చాయి. అందులో ఒక యాప్ వేశారు. ఇంటికి వెళ్లగానే ఫొటో తియ్యాలి, అది మనం ఎక్కడున్నామో కూడా చెబుతుంది. ఇళ్లు మార్చుకోవడం ఆ రోజుతో పోయింది. అప్పుడే మేడం గారు వంతు కూడా తీసేశారు. అప్పటికి ఒకరి చేతిలో నాలుగిళ్లు, ఒకరి చేతిలో ఒకటే ఉన్నాయని గొడవొచ్చింది. ఒకరి మనిషి నెలకే లేచి తిరుగుతాడు, ఒకరి మనిషి ఏడాదైనా మంచం మీదే. వంతు ప్రకారమే వస్తుంటే నెమ్మదిగా కదిలే ఇళ్లున్న మనిషి మీద ఇళ్లు పేరుకుపోతాయి. అందుకని ఇకనుంచి కొత్త ఇల్లొస్తే, ఎవరి చేతిలో తక్కువ ఇళ్లున్నాయో వాళ్లకే వెళుతుందన్నారు. వినడానికి ధర్మంగా ఉంది. మేమందరం తల ఊపాం.

అది నన్ను ఎలా పట్టుకుందో చెబుతాను. నాకు అప్పటికే ఆఖరి రోజుల్లో ఉన్నవాళ్లు ముగ్గురున్నారు. పది రోజుల్లో ఇద్దరు పోయారు. నా చేతిలో ఒక్క ఇల్లే మిగిలింది. అందరిలోనూ తక్కువ నాదే. రెండో ఆవిడకి నేను స్నానం చేయించి, బొట్టు పెట్టి, కాళ్ల బొటనవేళ్లు కట్టి వీధి అరుగు మీదకి వచ్చి కూర్చున్నాను. ఇల్లు అయిపోయిందని ఫోనులో నొక్కాను. నొక్కిన కాసేపటికే కొత్త ఇల్లు వచ్చి పడింది. లోపల ఆవిడ కూతురు ఏడుస్తోంది. నా చెయ్యి ఇంకా తడిగానే ఉంది.

పని తొందరగా అయినవాళ్ల మీద పని పడుతుంది. కొందరు అది ముందే పసిగట్టారు. మనిషి లేచి తిరుగుతున్నా ఇల్లు అయిపోయిందని నొక్కకుండా నాలుగు రోజులు ఊరుకునేవాళ్లు. ఫోను దృష్టిలో వాళ్ల చేతులు నిండుగా ఉన్నట్టే. నాకు అది చేత కాలేదు. పోయిన మనిషిని ఇంకా ఉన్నట్టు ఎలా ఉంచను?

అక్కకి రెండే ఇళ్లు. ఒకటి పి.గన్నవరంలో, ఒకటి ఉప్పలగుప్తంలో. రెండు బస్సులు, మధ్యలో ఆటో. ఫోను ఇళ్లు లెక్కపెడుతుంది, దారి లెక్కపెట్టదు, బరువూ లెక్కపెట్టదు. ఆ ఉప్పలగుప్తం ఇంట్లో ఉన్నది లావుపాటి పెద్దాయన. ఇదివరకటిలాగైతే నేను వెళ్లేదాన్ని. ఒకరోజు ఆయన్ని కుర్చీలోకి దింపుతుంటే అక్క నడుము పట్టేసింది. ఆయన జారి కింద కూర్చుండిపోయాడు. దెబ్బ తగల్లేదు కానీ ఆయన కొడుకు మేడం గారికి ఫోను చేసి చాలాసేపు అరిచాడు. పని రానివాళ్లని పంపుతారా అన్నాడట.

దాంతో మూడో పద్ధతి వచ్చింది. ఎవరికి ఏ పని వచ్చో రాసుకుని, ఇంటికి ఏ పని కావాలో దాన్ని బట్టి మనిషిని పంపుతామన్నారు. మమ్మల్ని ఒక్కొక్కరినీ పిలిచి అడిగారు. ఆ రోజు అక్క రాలేదు, మంచం మీద ఉంది. తన సంగతి నన్ను చెప్పమని ఫోను చేసింది. 

మేడం గారు కంప్యూటరు ముందు కూర్చుని, వచ్చన్న పని గడిలో టిక్కు పెడుతూ వరసగా చదివారు. గొట్టం వచ్చా, పుండ్లు కట్టడం వచ్చా, ఎత్తి దింపడం వచ్చా, నడిపించడం వచ్చా, ఆఖరి రోజుల్లో చూడ్డం వచ్చా. నా వంతుకి నేను అన్నిటికీ ఆయ్ అన్నాను. ఆఖరి దానికి కాస్త ఆగాను. మా ఆయన గుర్తొచ్చి ఆగాను. తర్వాత దానికీ ఆయ్ అన్నాను. 

తర్వాత అక్క పేరు తెరిచారు. నాకు ఒకటే భయం, దాన్ని మళ్లీ ఆ బరువు మనుషుల దగ్గరకి పంపుతారేమోనని. అందుకని గట్టిగా కాదని చెప్పడం మొదలుపెట్టాను. ఎత్తడం రాదండీ. గొట్టం రాదండీ. పుండ్లంటే దానికి కళ్లు తిరుగుతాయండీ. నడిపించడం కూడా వద్దండీ, ఆసరా ఇచ్చే నడుము కాదండీ. 

మేడం గారు కళ్లజోడు తీసి నన్ను చూశారు.

"మరి ఏం చేస్తుందమ్మా?"

"కూర్చుంటుందండీ."

"కూర్చోడం ఏంటి?"

"వాళ్ల పక్కన కూర్చుంటుందండీ. తినిపిస్తుంది. మీకు తెలీదు గానండీ, అది కూర్చుంటే తింటారు."

మేడం గారు పైకీ కిందకీ వెతికారు. "దానికిక్కడ గడి లేదమ్మా" అన్నారు, కోపంగా కాదు, మామూలుగానే. "పర్లేదులే, తర్వాత చూద్దాం." అని తర్వాతి పేరు తెరిచారు. నేను మెట్లు దిగుతూ, ఇంక అక్కని ఎవరూ బరువు దగ్గరకి పంపరని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. నేనేం చేశానో నాకు అప్పుడు తెలియలేదు.

ఆ తర్వాత నా ఫోను ఆగలేదు. గొట్టం నాకే, పుండ్లు నాకే, ఆఖరి రోజులు నాకే. ఆఖరి రోజులకి ఒప్పుకున్నది మా ఎనిమిది మందిలో నేనూ, ఇంకొకావిడా. ఆవిడ కోడలి పురిటికని వెళ్లిపోయింది. మొదట్లో గర్వంగానే ఉండేది, అబద్ధం చెప్పను. ఈ పని నువ్వైతేనే చేస్తావని ఫోను అన్నట్టు ఉండేది. రెండు నెలలకి ఆ గర్వం పోయింది. వీధిలో నన్ను గుర్తుపట్టడం మొదలుపెట్టారు. నేను ఫలానా ఇంటి గేటు తీస్తే ఎదురింటివాళ్లు లోపలికి వెళ్లి ఒకరితో ఒకరు చెప్పుకునేవాళ్లు. రాజోలు వైపు ఒక ఇంట్లో, నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే, మంచం మీదున్న పెద్దావిడ నన్ను చూసి, "అయితే నాకూ అయిపోయిందన్నమాట" అంది. నేను ఇంకా నోరు కూడా తెరవలేదు. మిగతావాళ్లు కొత్త పని నేర్చుకోవడం మానేశారు. గొట్టం పని వాళ్లకి రానే రాదు కాబట్టి నేర్చుకునే అవసరమూ రాదు. పెద్దగా పని రాకపోయినా వాళ్లకి నడిపించే ఇళ్లు వచ్చేవి.

అక్కకి ఏమీ రాలేదు. ఉన్న రెండిళ్లలో పెద్దాయన ఇల్లు ఆయన జారిన రోజే పోయింది. పి.గన్నవరం ఆవిడ బాగైంది. తర్వాత ఫోను మోగలేదు. వంతు లేదు కాబట్టి ఎదురుచూడ్డానికి వరస లేదు. చేతిలో ఇళ్లు లేవు, అందరికంటే తక్కువ తనకే, అయినా రాదు. టిక్కు లేని పేరుని ఆ యాప్ వెతకనే వెతకదు.

ఒక మధ్యాహ్నం చూసి వద్దామని వెళ్లాను. అక్క గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. ఫోను పక్కనే, పీట మీద, కింద గుడ్డ వేసి పెట్టింది.

"ఒసే, వచ్చేవా. ఇది పాడైపోయిందేమో చూడు. నెల దాటింది, కూత లేదు."

నేను నా ఫోనులోంచి కొట్టాను. పీట మీద ఫోను గట్టిగా మోగింది. అక్క చింతపండు చేతులు చీరకి తుడుచుకుని గబుక్కున అందుకుంది. తెర మీద నా ఫొటో చూసింది. కాసేపు అలాగే పట్టుకుని మోగనిచ్చింది. 

"బానే ఉంది" అంది.

అప్పుడు చెప్పాను. నేనే అన్నిటికీ కాదన్నానని, నీ నడుము కోసమే అన్నానని, కూర్చుంటుందని కూడా చెప్పాను గానీ దానికి గడి లేదన్నారని. అక్క ఏమంటుందోనని తల దించుకున్నాను. అది పిక్కలు తీయడం మళ్లీ మొదలుపెట్టింది.

"నిజమే కదే చెప్పేవు. నాకేం వచ్చని" అంది.

తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు మేడం గారి దగ్గరకి వెళ్లి గట్టిగా అడిగాను. ఆవిడ విసుక్కోలేదు. ఇళ్లవాళ్లు ఏం అడిగితే ఆ గడే పెట్టామమ్మా, వచ్చి కూర్చోమని ఎవరూ అడగరు, అన్నారు. అడగడం తెలియదండీ వాళ్లకి, పుస్తకం ఉన్నప్పుడు అక్క వెళ్లేది కాబట్టి అడక్కుండానే దొరికేది, అన్నాను. అప్పుడే ఇళ్లు మార్చుకున్న సంగతి మొత్తం ఒప్పేసుకున్నాను. "ఆ బరువులన్నీ నువ్వేనా మోసింది" అన్నారు ఆవిడ. తర్వాత, యాప్ చేసిన హైదరాబాదు వాళ్లకి చెప్పి ఒక గడి పెట్టిస్తానన్నారు. తోడు ఉండడం, తినిపించడం అని. 

గడి రావడానికి ఇంకో నెల పట్టింది. ఈలోగా అక్క ఉప్పలగుప్తం వైపు రొయ్యల షెడ్డులో చేరింది. తలలు తీసి పొట్టు ఒలిచే పని. పొద్దుటి నుంచీ నిలబడి, మంచులో చేతులు పెట్టి. అక్కడ ఫోన్లు లోపలికి రానివ్వరు, గేటు దగ్గర సంచుల్లో పెట్టి వెళ్లాలి.

అక్క పేరుకి టిక్కు పెట్టామని మేడం గారు నాకు చెప్పిన వారానికే, ఒక పొద్దున్న నా ఫోను మోగింది. ఇల్లు అమలాపురంలోనే. నేను మామూలుగా సరేనని నొక్కాను. ఏ పనో చదువుకోలేను, ఎప్పుడూ చదువుకోను. గొట్టాలూ దూదీ చేతి తొడుగులూ సంచిలో సర్దుకుని వెళ్లాను. 

ఇంట్లో ఒకావిడ కిటికీ పక్కన పడక్కుర్చీలో ఉంది. గొట్టం లేదు, పుండు లేదు. మొగుడు పోయి రెండు నెలలైందట, మాట్లాడదు, తినదు. అమ్మ పక్కన కాస్త కూర్చునే మనిషి కావాలని అడిగామండీ, అని కూతురు చెప్పింది. కంచంలో పెరుగన్నం పెట్టి ఇచ్చి, బ్యాంకు ఉద్యోగానికి వెళ్లిపోయింది.

నేను వీధిలోకి వచ్చి మేడం గారికి ఫోను చేశాను. ఆవిడ చూసి చెప్పారు. ఇల్లు ముందు అక్కకే వెళ్లిందట. పది నిమిషాల్లో ఒప్పుకోకపోతే ఆ పని వచ్చిన ఇంకొకరికి వెళుతుంది. గడి కొత్తగా పెట్టినప్పుడు నా పేరుకి కూడా పెట్టారట, నువ్వు అన్నీ చేస్తావు కదమ్మా అని. ఆ పది నిమిషాలూ అక్క ఫోను గేటు దగ్గర సంచిలో మోగింది.

దాన్ని పిలిచి ఇప్పించండి అన్నాను. నీ ఫొటో యాప్‌లో పడిపోయిందమ్మా, ఇల్లు నీ పేరు మీదకి వచ్చేసింది, అయినా మారుస్తాలే, దాన్ని అడుగు, అన్నారు. అడిగాను, ఆ ఆదివారం వెళ్లి. అక్క చేతివేళ్లు ఉబ్బి, నానిపోయి తెల్లగా ఉన్నాయి. వాటిని కొబ్బరి నూనెలో ముంచుకుని కూర్చుంది. 

"ఒక్క ఇంటికోసం అక్కడ మానేస్తే, ఇది అయ్యాక మళ్లీ ఎప్పుడు మోగుద్దే?" అంది. 

ఆఫీసులో గడి ఒక్కటే పెట్టారు, అలాంటి ఇళ్లు ఎన్నొస్తాయో వాళ్లకే తెలియదు.

"షెడ్డులో ట్రేలు వరసగా ఇస్తారు" అంది మళ్లీ. "ఒకో బల్లకీ ఒకో ట్రే. చిన్న రొయ్యలు పడ్డాయంటే చచ్చేం అనుకోడమే, చెయ్యి తెమలదు. కానీ వస్తదే. నాకేం వచ్చని అడగరు. నా బల్ల దాకా వస్తది." 

నడుము ఎలా ఉందని అడిగాను. అది వినిపించుకోనట్టే, ఆవిడ తింటోందా అని అడిగింది. లేదన్నాను. మూడు రోజులైంది, నేను పెడుతుంటే మొహం తిప్పుకుంటోందన్నాను.

"చెంచా పట్టుకుని చూస్తా ఉంటావు కదూ నోరెప్పుడు తెరుస్తాదా అని?"

అవునన్నాను.

"చూడకు. నువ్వు చూస్తే పనని తెలిసిపోద్ది. కంచం నీ ఒళ్లో పెట్టుకో. ఆవిడ ఎటు చూస్తే నువ్వూ అటే చూడు."

అక్క చెప్పినట్టే చేస్తున్నాను. కిటికీలోంచి ఆవిడ చూసేది ఎదురింటి గోడ, దాని మీద ఆరేసిన దుప్పటి. నేనూ దాన్నే చూస్తాను. నా చేతులు ఊరుకోవు. తుడవడానికి ఏమైనా ఉందా, మడత పెట్టడానికి ఏమైనా ఉందా అని కదులుతాయి. వాటిని కంచం కింద పెట్టి నొక్కుకుంటాను. నిన్న ఆవిడ రెండు ముద్దలు తింది. రెండో ముద్ద నములుతూ, మీ ఆయన ఉన్నారా అని అడిగింది. లేరండీ అన్నాను. ఆవిడ మళ్లీ గోడ వైపు తిరిగింది. మూడో ముద్దకి నోరు తెరవలేదు. అక్క అయితే తెరిపించేది.